ఎంత చేరింది, ఇంకా ఎంత కావాలి? – ఒక నిధి సేకరణలో మేము నేర్చుకున్న లెక్క

మా కర్మాగారం ప్రధాన ద్వారం ఎదుట ఒక తేనీటి దుకాణం ఉన్నది. ఇరవై రెండేళ్లుగా దానిని నడుపుతున్న పెద్దమనిషిని మేమందరమూ ‘బాబాయి’ అనే పిలుస్తాము. ఆయన మన సంస్థ ఉద్యోగి కాడు, కాంట్రాక్టు కార్మికుడూ కాడు. అందువల్ల ఆయన కుటుంబానికి మన ఆసుపత్రి సౌకర్యం గాని, ఈఎస్‌ఐ గాని వర్తించదు. ఆయన కుమారునికి పద్నాలుగేళ్ల వయస్సులో మోకాలి పైభాగాన, తొడ ఎముక చివర కాన్సర్ కణితి ఉన్నట్లు తేలింది. కాలు తీసివేయకుండా, వ్యాధి సోకిన ఎముక భాగాన్ని మాత్రమే తొలగించి, దాని స్థానంలో లోహపు కీలు అమర్చవచ్చునని వైద్యులు చెప్పారు. ముందు కొన్ని వారాల కీమోథెరపీ, పిమ్మట శస్త్రచికిత్స, ఆపై మరల కీమోథెరపీ. ఇదీ క్రమం.

వివిధ విభాగాల నుండి అయిదుగురము ఒక చిన్న సంఘంగా ఏర్పడి, ఇంటర్నెట్‌లో క్రౌడ్ ఫండింగ్ పేజీ ఒకటి తెరిపించాము. పేజీ తెరవడం కష్టమేమీ కాలేదు. అసలు కష్టం ఆ తరువాత ఎదురైంది. ఇంతవరకు ఎంత వచ్చింది, ఎవరికి కృతజ్ఞతలు, ఇంకా ఎంత కావాలి అన్న మూడు సంగతులను ఎప్పటికప్పుడు దాతలకు తెలియజేయాలి. మూడు వాక్యాల పని అనుకున్నాము. దానిలోనే పొరపడ్డాము. ఆ పొరపాటును, దానిని సరిదిద్దుకున్న విధానాన్ని మన పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా మొదటి ప్రకటన

పేజీ తెరచిన ఆరవ రోజుకు 2,14,000 రూపాయలు వచ్చినట్లు తెరపై కనిపించింది. ఆనాటి సాయంత్రం మేము ఒక ప్రకటన వ్రాసి పేజీలోను, కాలనీ వాట్సాప్ బృందాలలోను పెట్టాము. దాని సారాంశం ఇది: ‘మన కాలనీలో 1,400 కుటుంబాలు ఉన్నాయి. ఇంతవరకు 230 మంది మాత్రమే స్పందించారు. ఒక్క సినిమాకు పెట్టే ఖర్చు ఒక బాలుని కాలు నిలబెడుతుంది. ఇంకా స్పందించని వారు ఒక్కసారి ఈ పసివాని ముఖం చూసి నిర్ణయించుకోండి.’ దిగువన జుట్టు రాలిన తలతో ఆసుపత్రి మంచంపై ఉన్న ఆ బాలుని ఛాయాచిత్రం. దాని క్రింద ఎక్కువ మొత్తం ఇచ్చిన వారి పేర్లు, మొత్తాల వరుసలో.

ఆ ప్రకటన పనిచేయలేదని చెప్పలేము. రెండు రోజులలో మరి 61,000 వచ్చింది. మేము సంతోషించాము కూడా.

ఎనిమిదవ రోజు సాయంత్రం బాబాయి మా కార్యాలయానికి వచ్చాడు. చాలాసేపు నిలబడే ఉన్నాడు. చివరకు ఇలా అన్నాడు: “సార్, మీరు నా కొడుకు కోసం పడుతున్న శ్రమకు నేనేమిచ్చి ఋణం తీర్చుకోగలను? కాని ఒక్క మాట. మొన్నటి నుంచి నా కొట్టుకు జనం రావడం లేదు. రోజూ వచ్చే హెల్పర్ కుర్రాళ్లు రోడ్డు అవతలి నుంచి తల వంచుకొని పోతున్నారు. నిన్న ఒకతన్ని పిలిచాను. ‘బాబాయీ, ఈ నెల నా దగ్గర లేవు, నీ ముఖం చూడలేకపోతున్నాను’ అన్నాడు. వాడి దగ్గర నేను డబ్బు అడిగానా సార్?”

ఆయన అడగలేదు. ఆయన పేరు మీద మేము అడిగాము. అయిదు, ఆరు రూపాయల మిగులు మీద బ్రతికే దుకాణానికి వాడుక ఖాతాదారులు దూరమైతే ఏమవుతుందో ఆలోచించలేదు. ‘పిల్లవాడి బొమ్మ కూడా తీసేయండి సార్. రేపు వాడు బడికి పోవాలి’ అని మరొక మాట చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఛాయాచిత్రాన్ని, పేర్ల జాబితాను తొలగించాము. ప్రకటనను ఏ విధంగా తిరిగి వ్రాయాలన్న చర్చ మూడు రోజులు నడిచింది.

మీటరు వేరు, ట్యాంకు వేరు

మొదట అంకెల సంగతి. పేజీ తెరపై పెద్ద అక్షరాలలో కనిపించే మొత్తం దాతలు చెల్లించిన మొత్తం. అది ఖర్చుకు అందే మొత్తం కాదు. పంపు వద్ద మీటరు చూపే అంకెను చూసి ట్యాంకు నిండిందని ఎవరమూ వ్రాయము. దారిలో పోయినది తీసివేసి, మట్టం కొలిచి వ్రాస్తాము. ఇక్కడా అదే సూత్రం. పేజీ నడిపే సంస్థ రుసుము, చెల్లింపుల రుసుము, వాటిపై జీఎస్టీ పోగా మిగిలినదే చేతికి వస్తుంది. ఈ కోతలు సంస్థను బట్టి, చెల్లించిన మార్గాన్ని బట్టి మారుతాయి కనుక ఊహించరాదు. ఖాతా వివరాల నుండి చూసి తీసుకోవాలి. మా పేజీలో అన్నీ కలిపి నూటికి 5 రూపాయలు తగ్గాయి.

రెండవ పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో జరుగుతుంది. కాలనీలో వృద్ధులు, పదవీ విరమణ చేసినవారు పలువురు నగదుగానే ఇచ్చారు. ఆ సొమ్ము పేజీ అంకెలో కనిపించదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ‘లక్ష్యం’ అన్న అంకె స్థిరమైనది కాదు. ఆసుపత్రి ఇచ్చిన అంచనా 9,60,000 రూపాయలు. అందులో శస్త్రచికిత్స, లోహపు కీలు కలిపి 6,10,000. కీమోథెరపీ, ఆసుపత్రి బస 2,40,000. పరీక్షలు, ప్రయాణాలు 1,10,000. కుటుంబం తన పొదుపు, బంగారం మీద అప్పు కలిపి 1,20,000 పెట్టుకొన్నది. ప్రభుత్వ ఆరోగ్య పథకం క్రింద కీమోథెరపీకి 2,00,000 మంజూరైనది. ఈ రెండూ పోగా దాతల నుండి కావలసినది 6,40,000. మొదటి ప్రకటనలో ఈ మాట మేము చెప్పనే లేదు. ప్రభుత్వ సహాయం వచ్చిన సంగతి తెలిస్తే దాతలు వెనుకాడుతారేమోనని మాలో ఒకరు సందేహించారు. తరువాత ఎవరో ఒకరికి తెలియక మానదు. తెలిసిన నాడు మిగిలిన అంకెలన్నీ అనుమానాస్పదమవుతాయి. కనుక రెండవ ప్రకటనలో మొదటి పంక్తిలోనే చెప్పాలని నిశ్చయించాము.

రెండవ ప్రకటన

పన్నెండవ రోజు పెట్టిన ప్రకటన పాఠం యథాతథంగా ఇది:

‘ఈ వివరం పన్నెండవ రోజు సాయంత్రం 6 గంటల నాటిది. చికిత్స అంచనా 9,60,000 రూపాయలు. కుటుంబం 1,20,000, ప్రభుత్వ పథకం 2,00,000 భరిస్తున్నందున దాతల నుండి కావలసినది 6,40,000.

పేజీ ద్వారా 412 మంది ఇచ్చినది 3,86,500. రుసుములు, పన్ను పోగా అందినది 3,67,175. నగదుగా అందినది 42,000. మొత్తం 4,09,175. ఇందులో 3,00,000 ఆసుపత్రికి చెల్లించాము. రసీదు నకలు జతపరచాము. మిగిలిన 1,09,175 సంఘ సభ్యులిద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో ఉన్నది. ఆరవ రోజు ప్రకటనలో మేము రుసుములు తీసివేయకుండా అంకె ఇచ్చాము. అది మా పొరపాటు.

మీరిచ్చిన సొమ్ముతో బాలుని ఎముక కొలతల ప్రకారం కీలు తయారీకి ఆర్డరు వెళ్లింది. ఇందుకు కుటుంబం తరపున, మా తరపున ప్రతి ఒక్కరికి కృతజ్ఞతలు.

ఇంకా కావలసినది 2,30,825. ఇందులో 2,00,825 ఈ నెల 24వ తేదీన జరుగవలసిన శస్త్రచికిత్సకు, 30,000 తరువాతి కీమోథెరపీకి. 24 నాటికి పూర్తి మొత్తం సమకూరకపోయినా శస్త్రచికిత్స ఆగదు. శేషాన్ని మూడు వాయిదాలలో తీసుకొనుటకు ఆసుపత్రి అంగీకరించింది.

అవసరానికి మించి వచ్చిన సొమ్ము ఏదైనా ఉంటే అదే ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న మరొక బాలునికి ఇవ్వబడుతుంది. తదుపరి వివరం శస్త్రచికిత్స తరువాత ఇస్తాము.’

అంతే. సినిమా టికెట్టు పోలిక లేదు, కుటుంబాల సంఖ్య లేదు, ఫొటో లేదు.

ఆ ఒక్క వాక్యం

ఈ పాఠంలో ‘శస్త్రచికిత్స ఆగదు’ అన్న వాక్యం మీద మాలో వాదం జరిగింది. లెక్కల విభాగం నుండి వచ్చిన మిత్రుడు దానిని తీసివేయమన్నాడు. “అది చదివితే ఇక ఎవరిస్తారు? గడువు భయం ఉంటేనే చేయి జేబులోకి పోతుంది” అన్నాడు. మానవ స్వభావం గురించి అతడు చెప్పినది అబద్ధం కాదు. కాని ఆసుపత్రి వాయిదాలకు ఒప్పుకొన్నది నిజం. తెలిసిన నిజాన్ని దాచి, లేని ప్రమాదాన్ని సూచించి, వేతనం మీద బ్రతికే మనిషి చేత అప్పు చేయించి తెచ్చిన విరాళం మాకు వద్దనుకొన్నాము. పైగా 24వ తేదీ వచ్చి, డబ్బు తగ్గి, శస్త్రచికిత్స జరిగిన పక్షంలో మేము చెప్పిన గడువు అబద్ధమని అందరికీ తెలుస్తుంది. మరొక కుటుంబానికి ఎప్పుడైనా నిజమైన గడువు వస్తే అప్పుడు మమ్మల్ని నమ్మేదెవరు?

గడువు చెప్పరాదని కాదు. గడువుకు కారణం చెప్పాలి. కీలును ముందుగా ఆర్డరు చేయాలి. దానికి బయానా కట్టాలి. కీమోథెరపీ ముగిసిన తరువాత రక్తకణాలు కోలుకొనేందుకు రెండు, మూడు వారాల వ్యవధి ఇచ్చి శస్త్రచికిత్స చేస్తారు. దానిని ఎడతెగకుండా జరుపరాదు. ఈ రెండు కారణాల వల్ల ఆ తేదీ వచ్చింది. కారణం ఉన్న తేదీ సమాచారం అవుతుంది. కారణం లేని ‘24 గంటలే గడువు’ బెదిరింపు అవుతుంది.

కృతజ్ఞతలు చెప్పడంలోని చిక్కు

పేర్ల జాబితా ఎందుకు తీసివేశారని కొందరు అడిగారు. అది సహజమైన ప్రశ్నే. 1885లో న్యూయార్కులో స్వాతంత్ర్య దేవత విగ్రహానికి పీఠం కట్టుటకు డబ్బు చాలకపోతే, జోసెఫ్ పులిట్జర్ తన ‘వరల్డ్’ పత్రికలో ప్రజలకు విన్నపం చేశాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా దాత పేరు పత్రికలో అచ్చయ్యేది. ఆ ఏడాది ఆగస్టు నాటికి లక్ష డాలర్లకు పైగా సమకూరింది. ఇచ్చినవారు లక్షకు మించినవారే. పెక్కుమంది ఇచ్చినది ఒక డాలరు కంటె తక్కువే. ఈ రోజున క్రౌడ్ ఫండింగ్ అంటున్నదానికి అది తొలి రూపాలలో ఒకటి.

అయితే న్యూయార్కు మహానగరంలో జాబితా చదివేవాడికి లేని పేర్లు ఎవరివో తెలియదు. మన కాలనీలో తెలుస్తుంది. బి-టైపు క్వార్టర్లలో ఎనిమిది పేర్లు ఉంటే, తొమ్మిదవ ఇంటివారు ఎవరో వరుసలో ఉన్న అందరికీ తెలుసు. ఆ ఇంటిలో ఆడపిల్ల పెళ్లి అప్పు ఉన్నదో, తల్లికి డయాలసిస్ నడుస్తున్నదో జాబితా చెప్పదు. పరిచయస్థుల మధ్య దాతల జాబితా అచ్చువేయడమంటే ఇవ్వనివారి జాబితాను కూడా అచ్చువేయడమే.

అందువల్ల కృతజ్ఞతను మనుషుల వరుసగా గాక, జరిగిన పనిగా చెప్పాము. ‘మీ సొమ్ముతో కీలు ఆర్డరు వెళ్లింది’ అన్న వాక్యం 100 రూపాయలు ఇచ్చిన వారికి, 10,000 ఇచ్చిన వారికి సమానంగా చెందుతుంది. ఇవ్వని వారిని వేలెత్తి చూపదు. వ్యక్తిగతంగా చెప్పవలసిన ధన్యవాదాలను సంఘ సభ్యులు విడివిడిగా, ఫోనులోనో కాగితం మీదనో చెప్పారు. బాబాయి కూడా తనకు తెలిసినవారికి తన భాషలోనే చెప్పుకొన్నాడు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. ‘ఇవ్వలేనివారు ఏ మాత్రం బాధపడనవసరం లేదు’ అని ఒక వాక్యం చేర్చుదామని మొదట అనుకొన్నాము. పాఠాన్ని ఒక హెల్పర్‌కు చదివి వినిపించాము. ‘బాధపడనవసరం లేదు అంటే బాధపడాలేమో అనిపిస్తున్నది సార్’ అన్నాడు. నిజమే. చదివేవాని మనస్సులో లేని అపరాధ భావాన్ని ఆ ఓదార్పు మాటే పుట్టిస్తుంది. అట్లే ‘డబ్బు లేకపోతే కనీసం నలుగురికి పంపండి’ అన్న ‘కనీసం’ కూడా. రెండింటినీ కొట్టివేశాము. ఆ తరువాత కీమోథెరపీలో ప్లేట్‌లెట్లు తగ్గి దాతలు కావలసి వచ్చినప్పుడు దానిని వేరే ప్రకటనగా ఇచ్చాము. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలువ ఉండవు కనుక ఏ గ్రూపు, ఏ రోజు, ఎందరు అన్నది మాత్రమే వ్రాశాము. అది డబ్బుకు బదులుగా అడిగినది కాదు. అదొక ప్రత్యేకమైన అవసరం.

ఎన్నిసార్లు చెప్పాలి?

ఆరంభంలో రోజుకొకసారి వాట్సాప్ బృందాలలో అంకె పెట్టాలనుకొన్నాము. తరువాత మానుకొన్నాము. సంగతి మారినప్పుడే ప్రకటన ఇవ్వాలి. చెల్లింపు జరిగింది, అంచనా మారింది, శస్త్రచికిత్స అయింది వంటివి సంగతులు. ‘ఇంకా ఇంత కావాలి’ అన్నదే ప్రతిరోజు వస్తే అది వార్త కాదు, తలుపు తట్టడం. ఇరవై నాలుగు రోజులలో మేము ఇచ్చినవి మొత్తం నాలుగు ప్రకటనలు. ప్రతి దానిలోను తదుపరి ప్రకటన ఎప్పుడో చెప్పాము. అది చెప్పడం వల్ల ‘డబ్బు ఏమైంది’ అన్న ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి.

మూడవ ప్రకటన, ముగింపు

శస్త్రచికిత్స 24వ తేదీనే జరిగింది. ఆసుపత్రి కీలు ధరలో 60,000 రూపాయలు తగ్గించింది. అంటే దాతల నుండి కావలసినది 6,40,000 నుండి 5,80,000కు దిగింది. ఇరవై ఒకటవ రోజున ఇచ్చిన మూడవ ప్రకటనలో మొదటి పంక్తి ఈ తగ్గుదలే. పేజీలో అప్పటికి 5,28,000, రుసుములు పోగా 5,01,600, నగదు 61,000, మొత్తం 5,62,600. ఇంకా కావలసినది 17,400.

లక్ష్యాన్ని తగ్గించి ప్రకటించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ‘వచ్చేది వస్తుంది కదా, పేజీ ఉండనీయండి, పిల్లవాడి చదువుకు పనికి వస్తుంది’ అని బయటివారు కొందరు సలహా ఇచ్చారు. చదువుకు సహాయం మంచిదే. కాని 412 మంది, ఆ తరువాతి వారు, ఇచ్చినది చికిత్సకు. దాతల అనుమతి లేకుండా ఉద్దేశాన్ని మార్చరాదు. ఇరవై నాలుగవ రోజు ఉదయం లెక్క చూడగా అందిన మొత్తం 5,88,200. ఆనాడే పేజీ మూసివేయించాము. మిగిలిన 8,200 రూపాయలు, ముందే చెప్పినట్లు, అదే వార్డులోని మరొక బాలునికి ఆసుపత్రి సామాజిక కార్యకర్త ద్వారా అందినవి. దాని రసీదు నాలుగవ ప్రకటనతో పెట్టాము. ఆ ప్రకటనలో చివరి వాక్యం: ‘ఇక ఏమీ అవసరం లేదు.’

మన పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. మొదటి ప్రకటన రెండు రోజులలో 61,000 తెచ్చింది కదా. రెండవది అంతకంటె తక్కువ తెచ్చిందా? మేము కచ్చితంగా పోల్చలేము. మధ్యలో జీతాల రోజు వచ్చింది; దానివల్ల ఎంత వచ్చిందో, ప్రకటన వల్ల ఎంత వచ్చిందో విడదీయలేము. మాకు తెలిసినది రెండే. అవసరమైన సొమ్ము సమకూరింది. రెండవ ప్రకటన తరువాత వారం లోపే, రోడ్డు అవతల నుండి పోయిన హెల్పర్ తిరిగి దుకాణానికి వచ్చాడు.

అతడు ఆ నెలలోనూ ఏమీ ఇవ్వలేదు. బాబాయి అతనికి తేనీరు పోసి, పిల్లవాడు ఊతకర్ర పట్టుకొని నాలుగడుగులు వేశాడని చెప్పాడు.